వార్షికోత్సవ పాటల మాలిక: అతుకు మాట మీద పడరాదు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు బడులలో వార్షికోత్సవాలు జరిగే రోజులు వచ్చినప్పుడల్లా ఉపాధ్యాయ మిత్రులు అడిగే ప్రశ్న ఒకటి ఉంది. నాలుగైదు పాటలను మధ్యలో ఖాళీ లేకుండా ఒకే వరుసగా, ఒకే ఫైలుగా కట్టడం ఎలా అన్నది ఆ ప్రశ్న. ఒక పాట మెల్లగా తగ్గుతూ ఉండగా దాని మీదనే తరువాతి పాట మెల్లగా పెరుగుతూ రావడాన్ని సౌండ్ సర్వీసువారు క్రాస్‌ఫేడ్ అంటారు. ఆ పనిని యంత్రానికి వదిలివేయడం మన దగ్గర వాడుకయిపోయింది. "సార్, అంతా ఆటోలో పెట్టేశాను, మీరు చూసుకొనే పనే లేదు" అని సౌండ్ అతను భరోసా ఇస్తాడు, మనమూ ఊరకుంటాము. ఇది సౌండ్ అతని పని కాదనీ, భాష చెప్పే ఉపాధ్యాయుడే దగ్గర కూర్చుని చేయవలసిన పని అనీ నా అభిప్రాయం. అందుకు కారణం మన భాష నిర్మాణంలోనే ఉన్నది.

యంత్రం చేసే క్రాస్‌ఫేడ్‌కు గడియారం తప్ప మరేమీ తెలియదు. పాట ముగియడానికి ఇన్ని సెకన్ల ముందు తగ్గించు, అదే క్షణాన తరువాతి పాటను ఎత్తుకో అని దానికి చెప్పి ఉంచుతాము. స్పాటిఫై వంటి వాటిలో ఈ గడువును 12 సెకన్ల దాకా పెట్టుకోవచ్చు. పాట చివరి 12 సెకన్లలో వాద్యం మాత్రమే ఉన్నదా, పల్లవి చివరి మారు పాడుతున్నారా అన్నది దానికి పట్టదు. వచ్చే పాట నేరుగా మాటతో మొదలవుతుందా, వేణువుతో మొదలవుతుందా అన్నదీ పట్టదు.

ఇక్కడ తెలుగుకు రెండు వైపులా నష్టం ఉన్నది. మన వాక్యానికి ప్రాణం చివర ఉంటుంది. వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తారు అన్న మాటలలో ఎవరు వస్తారో, వారి మీద గౌరవం ఉన్నదో లేదో చెప్పేది చివరి అక్షరమే. పైగా తెలుగు అజంత భాష. గాయకులు ఆ చివరి అచ్చును సాగదీసి నిలుపుతారు. పాట తగ్గిపోయే వేళ ఆ అచ్చే ముందుగా మునిగిపోతుంది. రెండవ వైపు చూడండి. పద్యంలో పాదం మొదటి అక్షరం మీద యతి, రెండవ అక్షరం మీద ప్రాస నిలుస్తాయని మనమే పిల్లలకు చెబుతాము. పాటలలో కూడా ఎత్తుగడ అందం చాలావరకు ఆ మొదటి రెండు మూడు అక్షరాలలోనే ఉంటుంది. నెమ్మదిగా పెరుగుతూ వచ్చే పాటలో మొదటి మాట వినబడనే వినబడదు. అంటే ఒక్క అతుకుతో ముందు పాట క్రియ పోతుంది, వెనుక పాట ప్రాస పోతుంది. (క్రియ చివర ఉండే గుణం తమిళానికీ కన్నడానికీ కూడా ఉన్నది గనుక ఆ పాటలకూ ఇదే న్యాయం.)

2006లో తమిళనాడు ప్రభుత్వం తెచ్చిన తమిళ అభ్యసన చట్టంతో భాషా మైనారిటీ పిల్లలకు కూడా తమిళం తప్పనిసరి పాఠ్యాంశమయింది. దాని మంచిచెడ్డల చర్చ ఇక్కడ వద్దు. తెలుగు పిల్లవాడు తన భాషను తరగతి గదికి వెలుపల, నాలుగు వందల మంది ఎదుట, పెద్ద శబ్దంతో వినే సందర్భం ఏడాదికి ఒకటో రెండో అన్నది మాత్రం మనందరికీ తెలిసినదే. ఆ సభలో తమిళ, కన్నడ తల్లిదండ్రులు కూడా కూర్చుని ఉంటారు. ఆనాడు వినబడేది సగం మాట కాకూడదు.

ముందుగా మాలికలో చేర్చకూడనివి చెబుతాను. తమిళ్‌తాయ్ వాళ్త్తును 2021 డిసెంబరులో రాష్ట్ర గీతంగా ప్రకటించారు. దానిని 55 సెకన్లలో పాడాలనీ, అందరూ నిలబడాలనీ, రికార్డు వేయడం మాని శిక్షణ పొందినవారి చేత పాడించాలనీ ఆ ఉత్తర్వులో ఉన్నది. కనుక అది పిల్లల గొంతుతోనే జరగాలి. జాతీయ గీతం నిడివి సుమారు 52 సెకన్లు. దాని ముందూ వెనుకా నిశ్శబ్దం ఉండాలి, మరొక పాట తోక దాని మీద పడకూడదు. ఈ రెంటి నడుమ జరిగే నృత్యాలకే మాలిక.

ఇక మా పిల్లల కోసం కట్టిన ఒక మాలికను తీసుకొని వివరిస్తాను. అందులో అయిదు భాగాలు. మొదట 1 నిమిషం 50 సెకన్ల ప్రార్థన, తరువాత 2 నిమిషాల 40 సెకన్ల గొబ్బిపాట, 2 నిమిషాల 10 సెకన్ల తవిలు, నాదస్వరాలతో కరగాట్టం, 2 నిమిషాల కన్నడ డొళ్ళు కుణిత, చివర 3 నిమిషాల కోలాటం. మాకు ఇచ్చిన గడువు 12 నిమిషాలు. వాడినది ఆడాసిటీ. ఉచితంగా దొరుకుతుంది, పాత కంప్యూటరు మీద కూడా నడుస్తుంది. ఒక్కొక్క పాటను ఒక్కొక్క వరుసలో పెట్టి, రెండవ పాటను జరిపి మొదటి పాట తోక మీదకు తెచ్చి, రెండూ కలిసే మేరను రెండు వరుసలలోనూ ఎంచుకొని, Effect జాబితాలో Fading కింద ఉన్న Crossfade Tracks నొక్కితే అతుకు పడుతుంది. నొక్కడం క్షణం పని. ఎక్కడ, ఎంత నిడివి అన్నదే అసలు పని.

దానికి నేను చేసేది ఒకటే. ప్రతి పాటకూ కాగితం మీద రెండు సమయాలు రాసుకుంటాను. మొదటి మాట ఎప్పుడు మొదలవుతుంది, చివరి మాట చివరి అచ్చు ఎప్పుడు పూర్తిగా ఆగిపోతుంది అన్నవి. ప్రార్థనలో చివరి మాట 1 నిమిషం 40 సెకన్లకు ముగిసింది. తరువాత 10 సెకన్లు తంబూర మాత్రమే. గొబ్బిపాటలో మొదటి 8 సెకన్లు వేణువు, ఆ తరువాతనే మాట. అంటే తంబూర చివరి 6 సెకన్ల మీద వేణువు మొదటి 6 సెకన్లను పరచవచ్చు. అతుకు పూర్తయి, వేణువు నిండుగా మరి 2 సెకన్లు పలికాక పాట మొదలవుతుంది. ఏ మాటా చెడలేదు.

అయితే వేణువు, తంబూర కలిసినప్పుడు చెవికి ఏదో పుల్లగా తగిలింది. కారణం శ్రుతి. ప్రార్థన ఒకటిన్నర శ్రుతిలో, గొబ్బిపాట రెండు శ్రుతిలో ఉన్నాయి. అర స్వరం తేడా ఉన్న రెండు ఆధార షడ్జాలు ఆరు సెకన్లు కలిసి మోగితే సంగీతం తెలియనివారు కూడా ముఖం చిట్లిస్తారు. ఆడాసిటీలో Change Pitch అన్నదానితో గొబ్బిపాటను అర స్వరం, అంటే ఒక సెమిటోన్ దించాము. వేగం మారదు, గొంతు స్వభావమూ అంత మాత్రానికి చెడదు. రెండు మూడు స్వరాల తేడా ఉంటే మాత్రం దించవద్దు, గొంతు మొద్దుబారి వినబడుతుంది. అటువంటప్పుడు రెండింటినీ కలపక, ఒకటి పూర్తిగా ఆగాక రెండవది మొదలుపెట్టడమే మర్యాద.

క్రాస్‌ఫేడ్ రూపం గురించి కూడా ఒక మాట. ఆ పెట్టెలో కనిపించే తీరులలో Constant Gain, Constant Power అన్నవి ముఖ్యం. మొదటిదానిలో ఒకటి తిన్నగా తగ్గుతూ, మరొకటి తిన్నగా పెరుగుతూ, నడిమిలో రెండూ సగం సగం ఉంటాయి. లెక్కకు సగమూ సగమూ కలిస్తే ఒకటి. కాని సంబంధం లేని రెండు ధ్వనుల విషయంలో చెవికి అందేది ఆయా ధ్వనుల శక్తి. సగానికి వర్గం నాలుగవ వంతు, రెండు నాలుగవ వంతులు కలిస్తే సగమే. అందుకే అతుకు నడుమ ధ్వని 3 డెసిబెళ్ళు కుంగి, బాటలో గుంట పడ్డట్టు వినబడుతుంది. రెండవ తీరులో నడిమిలో ఒక్కొక్కటి 0.7 వంతు ఉంటుంది. దాని వర్గం సుమారు సగం, రెండు కలిస్తే ఒకటి, గుంట ఉండదు. కనుక రెండు వేరు వేరు పాటలకు Constant Power వాడాలి. ఒకే పాటను దానితోనే అతికేటప్పుడు మొదటిదే సరి. మా గొబ్బిపాట మూలంలో 4 నిమిషాలకు పైగా ఉన్నది, నడుమ రెండు చరణాలు తీసివేసి 2 నిమిషాల 40 సెకన్లకు తెచ్చాము. అక్కడ అతుకుకు ఇరువైపులా ఉన్నవి ఒకే తాళపు, ఒకే వాద్యపు దెబ్బలు. అక్కడ Constant Power వాడితే గుంటకు బదులు మెట్ట లేస్తుంది. అతుకు నిడివి సెకనులో పదవ వంతు చాలు. ఏ చరణాలు తీయాలన్నది మాత్రం అర్థం చదివి తేల్చుకోవలసిన సంగతి. ఒక చరణంలో అడిగిన ప్రశ్నకు తరువాతి చరణంలో జవాబు ఉంటే, ఆ రెండూ ఉండాలి, లేదా రెండూ పోవాలి.

రెండవ అతుకు గొబ్బి నుండి కరగాట్టానికి. ఇక్కడ క్రాస్‌ఫేడే వద్దన్నాను. గొబ్బిపాటకు నిమిషానికి 92 దెబ్బలు, తవిలుకు 120. ఈ రెండూ నాలుగు సెకన్లు కలిసి మోగితే పిల్లల పాదాలకు రెండు తాళాలు వినబడతాయి. ముందు వరుస పిల్లలు ఒకదానిని, వెనుక వరుస మరొకదానిని పట్టుకుంటారు. అభ్యాసంలో సవ్యంగా ఆడిన పిల్లలు వేదిక మీద తడబడడానికి తరచుగా కారణం ఇదే. పెద్దలు దానిని సభాకంపం అనుకుంటారు. అందుచేత గొబ్బి చివరి చప్పట్టును నిండుగా మోగనిచ్చి, దాని ప్రతిధ్వని ఒక సెకను మిగిలి ఉండగా తవిలు మొదటి దెబ్బను వేశాము.

మూడవ అతుకులో మాత్రం వేగాలు దగ్గరగా ఉన్నాయి. తవిలు 120, డొళ్ళు 126. వేగం కొలవడానికి యంత్రం అక్కరలేదు. 20 సెకన్లలో దెబ్బలు లెక్కించి మూడుతో గుణిస్తే చాలు. మాకు ఒక చోట 40, మరొక చోట 42 వచ్చాయి. ఒక్కదానినే లాగకుండా రెండింటినీ 123కు తెచ్చాము. Change Tempo తో తవిలును 2.5 శాతం పెంచి, డొళ్ళును సుమారు 2.4 శాతం తగ్గించాము. అంత స్వల్పమైన మార్పును ఎవరూ గుర్తుపట్టరు. 123 వేగంలో ఎనిమిది దెబ్బలకు నాలుగు సెకన్ల లోపే పడుతుంది. ఆ ఎనిమిది దెబ్బల మేర రెండు వాద్యాలూ కలిసి మోగి, తవిలు తప్పుకొని డొళ్ళు నిలిచింది. సరిగా కూర్చున్నదా లేదా అన్నది చెవితో తెలుస్తుంది. ఒక్క దెబ్బ వినబడవలసిన చోట గుర్రపు డెక్కల వలె "టక-టక" అని జంటగా వినబడితే, రెండవ పాటను సెకనులో కొన్ని వందల వంతులు అటో ఇటో జరపాలి. ఆవర్తనం మొదటి దెబ్బ మొదటి దెబ్బ మీదనే పడేలా చూసుకోవాలి. వేగం కలిసినా సమం కలవకపోతే పిల్లలు ఎడమ కాలికి బదులు కుడి కాలు వేస్తారు.

నాలుగవ చోట పిల్లలు డొళ్ళు దించి కోలలు అందుకోవాలి. అభ్యాసంలో గడియారం పెట్టి చూస్తే 13 సెకన్లు పట్టింది. అక్కడ 15 సెకన్ల తంబూర నాదం ఉంచి, దాని మీద ఒక అమ్మాయి మైకులో తెలుగులో, తమిళంలో కోలాటం గురించి రెండు వాక్యాలు చెప్పింది. తంబూర సన్నగా ఉన్నందున మాట తేటగా వినబడింది. అయిదు భాగాలూ కలిపి 11 నిమిషాల 40 సెకన్లు. అతుకులలో 11 సెకన్లు పోయి, తంబూరతో 15 చేరి, మొత్తం 11 నిమిషాల 44 సెకన్లు తేలింది.

అన్ని చోట్లా ధ్వని స్థాయి సమానంగా ఉండడానికి అతుకుల కంటే ముందే ఒక పని చేయాలి. పాత క్యాసెట్టు నుండి ఎక్కించుకున్న గొబ్బిపాట మెల్లగానూ, ఈ మధ్య రికార్డు చేసిన డొళ్ళు గట్టిగానూ ఉంటాయి. Normalize నొక్కితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అది ఒక్క అత్యున్నత శిఖరాన్ని మాత్రమే సమం చేస్తుంది. ఒక్క చప్పట్టు గట్టిగా ఉన్న పాట అంతా మెల్లగానే మిగిలిపోతుంది. చెవికి తోచే గట్టిదనాన్ని సమం చేసేది Loudness Normalization. ఆ తరువాత అతుకుల దగ్గర మీటరు ఎర్రబడుతున్నదేమో చూడాలి. రెండు గట్టి ధ్వనులు కలిసిన చోట శిఖరాలు హద్దు దాటి బరబరమంటాయి. ఎర్రబడితే మొత్తం మాలికను మూడు నాలుగు డెసిబెళ్ళు దించితే చాలు. హాలులో పెంచడానికి సౌండ్ అతని దగ్గర మీట ఉండనే ఉంటుంది.

కట్టిన మాలికను పరీక్షించడానికి మనకు తెలిసిన పద్ధతే అన్నిటి కంటే నమ్మదగినది. ఆ నృత్యంలో లేని, ఆ పాట ఎరుగని పిల్లలను పది మందిని కూర్చోబెట్టి, అతుకుకు పది సెకన్ల ముందు నుండి వినిపించి, విన్న మాటలను ఉక్తలేఖనం రాయించండి. సాధ్యమైతే తరగతి గదిలో కాక, ప్రతిధ్వనించే హాలులోనే చేయించండి. నోటు పుస్తకాలలో ఎత్తుగడ మాట మొదటి అక్షరం లేకపోతే అతుకును వెనక్కు జరపాలి. చివరి క్రియలో రు అని ఉండవలసిన చోట ఏమీ లేకుండా ఉంటే ముందు పాటను మరి కొంత మోగనివ్వాలి. చాలాకాలంగా ఆ పాటను వింటున్న మన చెవి పోయిన అక్షరాన్ని తానే పూరించుకుంటుంది. అందుకే ఈ పరీక్షకు మనం పనికిరాము.

పాటల వరుస విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఒకటి ఉన్నది. మాటలున్న తెలుగు పాటను చివర పెట్టవద్దు. సభ ఆలస్యమవుతుంది, ముఖ్య అతిథికి తొందర ఉంటుంది, ఎవరో వచ్చి సౌండ్ అతని చెవిలో చెబుతారు, చివరి భాగం సగంలో తగ్గిపోతుంది. ఈ జిల్లాలో సభలకు వెళ్ళే ప్రతి తెలుగు ఉపాధ్యాయుడూ ఇది చూసినవాడే. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండనక్కరలేదు, చివర ఉన్నది పోతుంది, అంతే. అందుకే గొబ్బిపాటను రెండవదిగా పెట్టి, కోలల చప్పుడే ప్రధానమైన కోలాటాన్ని చివర ఉంచాను. అదనంగా డొళ్ళుతో ముగిసే రెండవ ఫైలు కూడా కట్టి ఉంచాము, దాని నిడివి ఎనిమిదిన్నర నిమిషాలు. సమయం లేదంటే అది వేయమని చెప్పవచ్చు. ఒకే ఫైలుగా కట్టిన మాలికకు ఉన్న పెద్ద లోపం నడుమ నుండి ఏదీ తీయలేకపోవడమే గనుక, ఈ జాగ్రత్త తప్పదు.

పెళ్ళిళ్ళ సంగతి వేరు. రిసెప్షనులో ఎవరూ తాళానికి అడుగులు వేయరు గనుక వాద్య సంగీతాన్ని 8, 10 సెకన్ల అతుకులతో గంటల కొద్దీ పరచవచ్చు. మన ఊళ్ళ పెళ్ళిళ్ళలో మూడు భాషల బంధువులు ఉంటారు కాబట్టి భాషలను ఒకదాని వెంట ఒకటి మార్చడమూ బాగుంటుంది. ముహూర్తం మీదకు మాత్రం ఏ మాలికా సాగకూడదు. గట్టి మేళం ఎప్పుడు మోగాలో పురోహితుడి చేయి చెబుతుంది, ఫైలు చెప్పలేదు. జీలకర్ర బెల్లానికి ముందే మాలికను మూడు సెకన్లలో చేతితో తగ్గించి ఆపి, ఎదురుగా కూర్చున్న నాదస్వరం వారికి వదిలివేయాలి. తిరిగి మొదలుపెట్టేది వేరే ఫైలుగా ఉండాలి. ఆగిన చోటి నుండి సగం పాట మొదలైతే తలంబ్రాల వేళ అపస్వరంగా ఉంటుంది.

ఫైలు ఇచ్చేటప్పుడు మాలికనంతా ఒక్కటిగానే ఎగుమతి చేయండి. పాటలను విడి విడి ఎంపీ3లుగా ఇస్తే ఒక్కొక్కదాని మొదట, చివర కొద్దిపాటి నిశ్శబ్దం చేరి, కుదిర్చిన తాళం తప్పుతుంది. పని నడిచినంత కాలం WAV గా ఉంచుకొని చివరన ఒక్కసారే ఎంపీ3 చేయాలి. సౌండ్ అతని ల్యాప్‌టాప్‌లో ఆటో క్రాస్‌ఫేడ్ ఆపి ఉన్నదో లేదో మీరే చూడండి. లేకుంటే మీ మాలిక చివరి సెకన్ల మీద మరేదో పాట వచ్చి కూర్చుంటుంది. ఫైలుతోపాటు ఒక చీటీ కూడా ఇవ్వండి, అందులో ఏ భాగం ఏ నిమిషానికి మొదలవుతుందో తమిళంలోనూ రాసి.